వాడిన కరెంటు వస్తువును అమ్మేటప్పుడు ఉన్నదున్నట్టు ఎలా రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

దూరాన ఉన్న మనిషికి ఒక కరెంటు వస్తువు అమ్ముతున్నప్పుడు, కొనేవారి చేతిలో ఉండేవి మీరు రాసిన నాలుగు మాటలూ మీరు తీసిన ఫొటోలే. వస్తువు అడుగున ఉన్న చిన్న అక్షరాలు వాళ్లు చదవలేరు కాబట్టి మీరే చదివి చెప్పాలి. ఈ పేజీలో చాలావరకు ఒకే వస్తువును వెంట తీసుకెళ్తున్నాం. అమెరికాలో కొన్న ఒక హెయిర్ డ్రయ్యర్, 230 వోల్టుల కరెంటు ఉన్న చోట అమ్మకానికి వచ్చిందనుకోండి. శక్తి, ప్లగ్గు, భద్రతా గుర్తు, ఈ మూడింటిలో దేని గురించి తప్పుగా రాసినా ప్రమాదం తెచ్చిపెట్టే వస్తువు అది.

వివరాలు ఎక్కడ చూసి రాయాలి? అట్టపెట్టె మీద ఉన్నవి చాలవా?

చాలవు. ప్రతి వస్తువు మీదా రేటింగ్ ప్లేట్ అని ఒకటుంటుంది. కొన్నిటి మీద అది లోహపు రేకు, కొన్నిటి మీద స్టిక్కర్, కొన్నిటి మీద ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసిన అక్షరాలు. కెటిల్‌కు అడుగున, మిక్సీకి కింద, టీవీకి వెనక, ఛార్జర్‌కు పిన్నులున్న వైపు, హెయిర్ డ్రయ్యర్‌కు పిడి మీదో గాలి లోపలికి పోయే జాలీ పక్కనో ఉంటుంది. మోడల్ నంబరు, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, వాట్లు లేదా ఆంపియర్లు, భద్రతా గుర్తులు అన్నీ అక్కడే దొరుకుతాయి. మీ వివరణకు అదే ఆధారం.

అట్టపెట్టెను నమ్మలేం. పెట్టె వేరే వస్తువుది కావచ్చు. ఇంటర్నెట్‌లో అదే పేరుతో కనిపించే వివరాలు ఇంకా ప్రమాదం. తయారీదారులు ఒకే పేరుతో 120 వోల్టుల రకాన్నీ, 220-240 వోల్టుల రకాన్నీ వేరువేరు దేశాలకు పంపుతారు. చాలాసార్లు రెండింటికీ తేడా మోడల్ నంబరు చివర ఉన్న ఒకటి రెండు అక్షరాలే. అవి వదిలేసి వెతికితే మీ చేతిలో లేని వస్తువు వివరాలు దొరుకుతాయి, వాటినే మీరు రాసేస్తారు.

రేటింగ్ ప్లేట్‌కు దగ్గరగా, అక్షరాలు చదవగలిగేలా ఒక ఫొటో తీసి పెట్టండి. కాంతి నేరుగా పడితే అచ్చుపోసిన అక్షరాలు కనిపించవు. టార్చిలైటు పక్కనుంచి వేస్తే తేలతాయి. ఫొటోలో సీరియల్ నంబరు కనిపించడం ఇష్టం లేకపోతే దాన్ని మాత్రం కప్పండి, మిగతా ఏదీ కప్పొద్దు.

ప్లేట్ మీద అంకెలు, గీతలు చాలా ఉన్నాయి. వాటిలో ఏవి ముఖ్యం?

ముందుగా వోల్టేజీ చూడండి. ఒకే అంకె ఉంటే, ఉదాహరణకు 120 అని ఉంటే, ఆ వస్తువు ఆ వోల్టేజీకే. 220-240 అని అడ్డగీతతో ఉంటే ఆ రెండు అంకెల మధ్య ఏ వోల్టేజీ అయినా ఫర్వాలేదు. 100-240 అని ఉంటే ఇళ్లకు వచ్చే కరెంటు ఏ దేశంలోదైనా సరిపోతుంది. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 125/250 అని ఏటవాలు గీతతో ఉంటే అర్థం వేరు. అంటే ఆ రెండు వోల్టేజీలకూ పనికొస్తుంది గానీ, చాలావాటిలో మధ్యలో ఒక స్విచ్ మార్చాలి. ప్రయాణాల కోసం చేసిన హెయిర్ డ్రయ్యర్లలో అలాంటి స్విచ్ ఉంటుంది, నాణెంతో తిప్పేది. ఆ స్విచ్ ఇప్పుడు ఏ అంకె మీద ఉందో కూడా రాయాలి. పెట్టె విప్పగానే ప్లగ్గు పెట్టేవాళ్లే ఎక్కువ.

అంకె పక్కన అలలాంటి గీత ఉంటే అది ఇంటి కరెంటు, అంటే ఏసీ. తిన్నని అడ్డగీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ. ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం ఉన్న బొమ్మ కూడా వెతకండి. ఎర్త్ వైరు అవసరం లేకుండా రెండు పొరల ఇన్సులేషన్‌తో చేసిన వస్తువు అని దానర్థం. ప్లగ్గు గురించి రాసేటప్పుడు ఆ బొమ్మ పనికొస్తుంది.

వాట్లు లేవు, ఆంపియర్లే ఉన్నాయి. గుణించి రాయొచ్చా?

వేడి చేసే వస్తువైతే గుణించవచ్చు. 230 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే సుమారు 1,150 వాట్లు. అది మీ లెక్క అని చెప్పండి. ప్లేట్ మీద ఉన్న అంకెలా రాయకండి.

ఛార్జర్లు, అడాప్టర్ల విషయంలో ఈ గుణకారం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఒక ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 1.5 ఆంపియర్లు అనీ, అవుట్‌పుట్ 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అనీ ఉందనుకోండి. 240ని 1.5తో గుణించి 360 వాట్ల అడాప్టర్ అని రాసేవాళ్లున్నారు. అక్కడి 1.5 ఆంపియర్లు గరిష్ఠ పరిమితి. వోల్టేజీ బాగా తక్కువగా ఉన్నప్పుడు అడాప్టర్ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఆ స్థితిని దృష్టిలో పెట్టుకుని వేసిన అంకె అది. 240 వోల్టుల దగ్గర అంత లాగదు. కొనేవారికి కావలసింది అవుట్‌పుట్: 19.5ని 3.34తో గుణిస్తే 65 వాట్లు. 65 వాట్ల అడాప్టర్‌ను 360 అని నమ్మి పెద్ద ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అది ఛార్జ్ కాదు, లేదా అడాప్టర్ కాలిపోయేంత వేడెక్కుతుంది.

వోల్టేజీ ఒక్కటి తేడా వస్తే ఏమవుతుంది? ఎక్కువ కరెంటు వస్తే ఇంకా బాగా పనిచేస్తుంది కదా?

మన హెయిర్ డ్రయ్యర్ ప్లేట్ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 1875 వాట్లు అని ఉంది. దాన్ని 230 వోల్టుల సాకెట్‌కు పెడితే ఏమవుతుందో లెక్కేద్దాం.

1875ను 120తో భాగిస్తే 15.6 ఆంపియర్లు. అది మామూలుగా లాగే కరెంటు. 120ని ఆ 15.6తో భాగిస్తే కాయిల్ నిరోధం దాదాపు 7.7 ఓమ్‌లు వస్తుంది. కాయిల్ మారలేదు, వోల్టేజీ మారింది. 230ని 7.7తో భాగిస్తే దాదాపు 30 ఆంపియర్లు. 230ని 30తో గుణిస్తే సుమారు 6,900 వాట్లు. వోల్టేజీ రెండింతలకు దగ్గరైతే, వేడి మూడున్నర రెట్లు దాటింది. కాయిల్ క్షణాల్లో ఎర్రబడుతుంది. ఫ్యూజు ఎగరొచ్చు, లోపలి థర్మల్ కటౌట్ తెగొచ్చు, ప్లాస్టిక్ కరిగి జాలీ లోంచి పొగ రావొచ్చు. వీటిలో ఏది ముందు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ సమయానికి డ్రయ్యర్ ఒకరి చేతిలో, తలకు జానెడు దూరంలో ఉంటుంది.

దీనికి తిరుగు కూడా ఉంది. 230 వోల్టుల, 2,000 వాట్ల కెటిల్‌ను 120 వోల్టులకు పెడితే అది 550 వాట్ల లోపే ఇస్తుంది. ప్రమాదం లేదు గానీ నీళ్లు కాగడానికి నాలుగింతల సమయం పడుతుంది. కొన్నవారు అది పాడైపోయిందనే అనుకుంటారు.

హెర్ట్జ్, అంటే ఫ్రీక్వెన్సీ గురించి కూడా ఒక మాట. ఛార్జర్ల మీద 50/60 అని ఉంటుంది కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. ఫ్యాన్లు, పంపులు, ఫ్రిజ్‌ల్లాంటి మోటారు వస్తువుల మీద 60 మాత్రమే ఉంటే, 50 హెర్ట్జ్ కరెంటు మీద చాలా మోటార్లు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి, ఎక్కువ వేడెక్కుతాయి. వోల్టేజీ సరిపోయినా ఈ తేడా ఉంటుంది. అందుకే ఆ అంకెను వదిలేయకండి.

దాంతోపాటు ప్లగ్గు మార్చే అడాప్టర్ ఇస్తున్నాను. అన్ని దేశాల్లో పనిచేస్తుందని రాయొచ్చా?

రాయకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

ట్రావెల్ అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్ని మాత్రమే. సాకెట్‌లో 230 వోల్టులుంటే అడాప్టర్ అవతల కూడా 230 వోల్టులే. పిన్నులు కుదరకపోవడం అన్నది నిజానికి ఒక కాపలా. 120 వోల్టుల డ్రయ్యర్ 230 వోల్టుల సాకెట్‌లో దూరకుండా ఆపేది ఆ ఆకారమే. డ్రయ్యర్‌తో పాటు అడాప్టర్ కలిపి అమ్మితే ఆ కాపలాను మీ చేత్తో తీసేసి పంపుతున్నట్టు.

ట్రాన్స్‌ఫార్మర్‌తో వాడుకోవచ్చని రాయవచ్చు, అది నిజమే. కానీ ఎంత పెద్దది కావాలో కూడా చెప్పాలి. 1875 వాట్లు లాగే వస్తువుకు కనీసం 2,000 వీఏ, అంటే 2,000 వోల్ట్-ఆంపియర్ల సామర్థ్యమున్న, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది డ్రయ్యర్ కంటే ఎన్నో రెట్లు బరువుంటుంది. ఆ మాట చెప్పకుండా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే చాలంటే, చిన్న అరచేతి డబ్బా కొనుక్కుని దాన్నీ కాల్చుకుంటారు.

ప్లగ్గు రకాన్ని ఎలా రాయాలి? రెండు పిన్నుల ప్లగ్గు అంటే సరిపోదా?

సరిపోదు. రెండు పిన్నుల ప్లగ్గుల్లో బల్లపరుపు పిన్నులవీ ఉన్నాయి, గుండ్రటి పిన్నులవీ ఉన్నాయి. ప్లగ్గులకు ఏ అనే అక్షరం నుంచి మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల పేర్లు వాడుకలో ఉన్నాయి. అక్షరంతో పాటు ఆకారం కూడా రాసి, పిన్నులు ఎదురుగా కనిపించే ఫొటో పెడితే తికమక ఉండదు.

ఎక్కువగా ఎదురయ్యేవి కొన్నే. ఏ అనే రకానికి రెండు బల్లపరుపు పిన్నులు నిలువుగా ఉంటాయి. వాటికి గుండ్రటి ఎర్త్ పిన్ను చేరితే బీ రకం. సీ రకానికి నాలుగు మిల్లీమీటర్ల మందం గల రెండు సన్నని గుండ్రటి పిన్నులు, ఎర్త్ ఉండదు, 2.5 ఆంపియర్లకు మించి వాడకూడదు. డీ రకానికి మూడు గుండ్రటి పిన్నులు త్రిభుజంలా ఉంటాయి. ఎమ్ రకం కూడా అదే ఆకారం, కానీ పిన్నులు లావు. జీ రకానికి మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులు, ప్లగ్గు లోపలే ఫ్యూజు. జీ ప్లగ్గు అయితే లోపలి ఫ్యూజు 3 ఆంపియర్లదా 13 ఆంపియర్లదా అన్నది కూడా చూసి రాయండి. ఐ రకానికి పిన్నులు ఏటవాలుగా ఉంటాయి.

డీకీ ఎమ్‌కీ తేడా ఫొటోలో తెలియదు. స్కేలు పక్కన పెట్టి తీయండి. డీలో పక్క పిన్నులు సుమారు 5 మిల్లీమీటర్లు, ఎర్త్ పిన్ను సుమారు 7. ఎమ్‌లో పక్క పిన్నులే 7 మిల్లీమీటర్లు, ఎర్త్ దాదాపు 8.7. గీజరు, ఇస్త్రీపెట్టె లాంటి పెద్ద వాట్ల వస్తువులు అమ్మేటప్పుడు ఈ కొలత చాలా ముఖ్యం. కొనేవారి గోడకున్న సాకెట్ ఏదో వాళ్లకు తెలుసు, మీ ప్లగ్గు ఏదో మీకే తెలుసు.

వైరు ఊడదీసేలా ఉంటే రెండు చివరలూ రాయాలి. గోడకు పెట్టే వైపు ప్లగ్గు, వస్తువుకు పెట్టే వైపు కనెక్టర్. కంప్యూటర్‌కు వచ్చే మూడు రంధ్రాల కనెక్టర్‌ను సీ13 అంటారు, ఎనిమిది అంకెలా ఉండే చిన్నదాన్ని సీ7 అంటారు. వీటికీ సీ రకం ప్లగ్గుకూ సంబంధం లేదు. సీ13 వైరుకు గోడ వైపు ఏ దేశపు ప్లగ్గైనా ఉండొచ్చు. వస్తువు 100-240 వోల్టులదై, వైరు ఊడేదైతే, ఆ మాట తప్పక రాయండి. కొనేవారు తమ దగ్గరి వైరు తగిలించుకుంటారు, అడాప్టర్ అవసరమే రాదు.

నేను పాత ప్లగ్గు కోసేసి ఇక్కడి ప్లగ్గు పెట్టాను. చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, ఎందుకు మార్చారో కూడా. ప్లగ్గు మారితే వస్తువు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితిలో లేనట్టే. భద్రతా గుర్తు వేసినప్పుడు పరీక్షించిన వస్తువు అది కాదు.

హెయిర్ డ్రయ్యర్ విషయంలో ఇది ఇంకా పెద్ద సంగతి. అమెరికాలో అమ్మే హెయిర్ డ్రయ్యర్ల ప్లగ్గు మామూలుగా ఒక లావుపాటి డబ్బాలా ఉండి, దానికి టెస్ట్, రీసెట్ అని రెండు బటన్లు ఉంటాయి. డ్రయ్యర్ నీళ్లలో పడితే వెంటనే కరెంటు తెంచే పరికరం ఆ డబ్బాలోనే ఉంది. డ్రయ్యర్ లోపల కాదు. ఆ ప్లగ్గు పెద్దగా ఉందనో సాకెట్‌లో పట్టలేదనో కోసి మామూలు ప్లగ్గు పెడితే, రక్షణ మొత్తం ఆ కోసిన ముక్కతో పాటు చెత్తబుట్టలోకి పోయింది. బయటికి చూస్తే డ్రయ్యర్ శుభ్రంగా ఉంటుంది, ఆన్ చేస్తే గాలి వస్తుంది. కొనేవారు ఏ రకంగానూ కనిపెట్టలేరు. నా ఉద్దేశంలో అలాంటి డ్రయ్యర్‌ను వాడకానికి అమ్మకూడదు. విడిభాగాల కోసం మాత్రమే అని అమ్మొచ్చు.

ఎర్త్ పిన్ను విరిగినా, ఎవరైనా పీకేసినా అంతే. లోహపు శరీరం ఉండి, రెండు చతురస్రాల బొమ్మ లేకుండా, ప్లగ్గుకు మాత్రం రెండే పిన్నులుంటే, ఎవరో ప్లగ్గు మార్చి ఉంటారని అనుమానించాలి. మీరు మార్చకపోయినా సరే, ఆ సంగతి రాయండి.

సీఈ గుర్తు ఉంది. సీఈ సర్టిఫైడ్ అని రాస్తే తప్పేంటి?

ఎందుకంటే అలా ఎవరూ సర్టిఫై చేయలేదు. ఇళ్లలో వాడే చాలా కరెంటు వస్తువుల విషయంలో సీఈ గుర్తు తయారీదారు స్వయంగా వేసుకునేది. ఐరోపా నిబంధనలకు ఈ వస్తువు సరిపోతుందని మేం ప్రకటిస్తున్నాం, దానికి బాధ్యత మాది అని దానర్థం. బయటి ప్రయోగశాల పరీక్షించి ఇచ్చిన ముద్ర కాదు. మంచి తయారీదారు నిజంగానే పరీక్షలు చేయించి వేస్తాడు, అది వేరే సంగతి. గుర్తును బట్టి మీకు తెలిసేది ప్రకటన మాత్రమే కాబట్టి, రాయాల్సింది ఇంతే: ప్లేట్ మీద సీఈ గుర్తు ఉంది.

యూఎల్, ఈటీఎల్ లాంటి గుర్తులు వేరు. అక్కడ బయటి సంస్థ నమూనాను పరీక్షించి, తర్వాత ఫ్యాక్టరీని కూడా తనిఖీ చేస్తూ ఉంటుంది. భారతదేశపు ఐఎస్‌ఐ గుర్తు బీఐఎస్ లైసెన్సుతో వస్తుంది. గుర్తు పైన ప్రమాణం నంబరు, కింద లైసెన్సు నంబరు ఉండాలి. నంబర్లు లేని ఐఎస్‌ఐ గుర్తు ఉత్త బొమ్మే.

ఇక భద్రతతో సంబంధం లేని గుర్తులను భద్రత పేరుతో రాయొద్దు. ఎఫ్‌సీసీ గుర్తు రేడియో తరంగాలకు అంతరాయం గురించినది. రోహెచ్ఎస్ సీసం లాంటి హానికర పదార్థాల గురించినది. నక్షత్రాల లేబుల్ కరెంటు ఆదా గురించినది. ఇవి మూడూ ఉన్న వస్తువు కూడా షాక్ కొట్టవచ్చు.

గుర్తు ఉంది, కానీ అది ఈ వస్తువుదేనా?

అడగాల్సిన ప్రశ్నే, కానీ అడిగేవాళ్లు తక్కువ. గుర్తు ఏ భాగం మీద ఉందో చూడండి. ప్లగ్గు మీదో, వైరుకు తగిలించిన కాగితం మీదో ఉన్న గుర్తు ఆ ప్లగ్గుకో ఆ వైరుకో చెందుతుంది. చవకగా తయారైన వస్తువుకు కూడా గుర్తింపు ఉన్న వైరు బిగించవచ్చు. లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఆర్, యూ అక్షరాలు కలిసి, ఆర్ అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తే అది విడిభాగాలకు యూఎల్ ఇచ్చే గుర్తు. మొత్తం వస్తువుకు కాదు.

మన డ్రయ్యర్‌కు యూఎల్ గుర్తు ఆ లావుపాటి ప్లగ్గు మీద ఉందనుకోండి. పిడి మీది ప్లేట్‌లో ఏ గుర్తూ లేదు. అప్పుడు యూఎల్ ఉన్న డ్రయ్యర్ అని రాస్తే అబద్ధం. మొత్తం వస్తువుకు వచ్చే యూఎల్ లిస్టింగ్ గుర్తు దగ్గర లిస్టెడ్ అనే మాట, వస్తువు పేరు, ఒక నంబరు ఉంటాయి. ఆ పేరు హెయిర్ డ్రయ్యర్ అని ఉందా లేక ప్లగ్గులోని పరికరం పేరు ఉందా చదివితే తేలిపోతుంది.

నంబరు ఉంటే సరిచూడటానికి దారి ఉంది. యూఎల్‌కు Product iQ అనే డేటాబేస్, బీఐఎస్‌కు BIS Care అనే యాప్ ఉన్నాయి. నంబరు కొట్టినప్పుడు ఏదో ఒక సంస్థ పేరు రావడంతో ఆగిపోకండి. ఆ పేరు మీ ప్లేట్ మీదున్న తయారీదారు పేరుతో కలుస్తోందా, ఆ లైసెన్సు ఏ రకం వస్తువుకు ఇచ్చారు అన్నవి చూడండి. ఇంకొకరి లైసెన్సు నంబరు అచ్చేసుకున్న నకిలీలు దొరికేది అక్కడే. సరిచూస్తే ఏ తేదీన చూశారో రాయండి. చూడకపోతే, నంబరు ఇచ్చి, నేను సరిచూడలేదు అని రాయండి. అప్పుడు కొనేవారే చూసుకుంటారు.

వాట్లు ఎక్కువగా కనిపించేలా రాయడం మామూలే కదా?

మామూలు కావడం వల్లే కొనేవారికి పోల్చుకోవడం కష్టమవుతోంది. ఏ వాట్లో చెప్పకుండా అంకె మాత్రం రాస్తే అది నిజమైనా తప్పుదారి పట్టిస్తుంది. మైక్రోవేవ్‌కు రెండు అంకెలుంటాయి. 800 అనేది వంటకు అందే శక్తి అయితే, గోడ నుంచి లాగేది దానికంటే చాలా ఎక్కువ. రెండూ రాయండి. ఎల్‌ఈడీ బల్బుకు 60 వాట్లకు సమానం అని ఉంటే అది పాత బల్బు వెలుతురుతో పోలిక. నిజంగా లాగేది 8, 9 వాట్లు, ప్లేట్ మీద ఆ అంకే ఉంటుంది. స్పీకర్ల మీద పీఎంపీఓ అని రాసే వేల అంకెలకు ఏ ప్రమాణమూ లేదు. ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లుంటే అవి రాయండి, లేకపోతే ప్లేట్ మీది కరెంటు వాడకం రాయండి.

పవర్‌బ్యాంక్ కూడా ఈ కోవలోదే. 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్-అవర్లు. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులతో బయటికి వచ్చేటప్పుడు, నష్టమేమీ లేదనుకున్నా, అది 7,400కు మించదు. వాట్-అవర్ల అంకె రాస్తే పోల్చుకోవడం తేలిక, విమానంలో తీసుకెళ్లేవాళ్లు అడిగేది కూడా అదే.

ప్లేట్ చెరిగిపోయింది. ఇంకో చోట చూసి రాయొచ్చా?

మోడల్ నంబరు చివరి అక్షరాలతో సహా చదవగలిగితే, తయారీదారు మాన్యువల్ చూసి, అక్కడి నుంచి తీసుకున్నానని చెప్పి రాయవచ్చు. నంబరు సగమే ఉంటే రాయకండి. ప్లగ్గును చూసి వోల్టేజీ ఊహించకండి, మార్చిన ప్లగ్గు కావచ్చు. వోల్టేజీ తెలియదు, ప్లేట్ చదవలేని స్థితిలో ఉంది, విడిభాగాల కోసం అని రాయడమే సరైనది.

పరీక్షించాను, బాగా పనిచేస్తోంది అని రాయొచ్చా?

ఏం చేసి చూశారో రాయండి. ఏ వోల్టేజీ మీద, ఎంతసేపు, ఏ ఏ స్పీడ్లలో, వేడితోనా చల్లగాలితోనా? పది నిమిషాలు నడిపాక ప్లగ్గు పిన్నులు చేతికి వేడిగా తగిలాయా? పిన్నులు గోధుమ రంగుకు తిరిగాయా? వైరు పిడిలోకి వెళ్లే చోట అటూ ఇటూ వంచితే ఆగి ఆగి నడుస్తోందా? హెయిర్ డ్రయ్యర్లు ముందుగా తెగేది అక్కడే, చుట్టి చుట్టి పెట్టడం వల్ల. పని మానేసేలోపు ఆ చోటు నల్లబడుతుంది.

మన డ్రయ్యర్‌ను 230 వోల్టుల చోట అమ్ముతున్నవారు సరైన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడిపి చూడలేరు. అప్పుడు, ఇక్కడ నడిపి చూడలేదు, గతంలో 120 వోల్టుల మీద వాడాం అని రాయాలి.

నడుస్తోంది అన్నదీ సురక్షితం అన్నదీ ఒకటి కాదు. ఎర్త్ తెగిపోయిన ఇస్త్రీపెట్టె ఏళ్ల తరబడి చక్కగా వేడెక్కుతుంది. ఇన్సులేషన్ చూడాలంటే ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ ఉండాలి. ఎర్త్ ఉన్న వస్తువుకు 500 వోల్టుల మీద కనీసం ఒక మెగాఓమ్ రావాలి. ఆ పరీక్ష చేయించి ఉంటే వచ్చిన అంకె, తేదీ రాయండి. చేయించకపోతే, సేఫ్ అన్న మాట వివరణలో వద్దు.

ఛార్జర్ అసలుది కాదు. ఏం రాయాలి?

వస్తువుతో వచ్చింది కాదని మొదటి వరుసలోనే రాయండి. అవుట్‌పుట్ వోల్టులు వస్తువు అడిగిన అంకెకు సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. గుండ్రటి పిన్ను ఉంటే మధ్యది ప్లస్సా మైనస్సా అన్నది రెండిటి మీదా ఒకేలా ఉండాలి. రెండు ప్లేట్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టండి.

ఇవన్నీ కలిపి రాస్తే ఎలా ఉంటుంది?

మన డ్రయ్యర్‌కు ముందుగా వచ్చిన వివరణ ఇలా ఉందనుకోండి: “పవర్‌ఫుల్ 1875 వాట్ల హెయిర్ డ్రయ్యర్, యూఎల్ సర్టిఫైడ్, ట్రావెల్ అడాప్టర్ ఉచితం, ఎక్కడైనా వాడుకోవచ్చు, కండిషన్ బాగుంది.” ఇందులో 1875 అనే అంకె ఒక్కటే నిజం. దాన్ని ఇలా తిరగరాయొచ్చు:

“వాడిన హెయిర్ డ్రయ్యర్. 120 వోల్టులకు మాత్రమే, 60 హెర్ట్జ్, 1875 వాట్లు. వోల్టేజీ మార్చే స్విచ్ లేదు. 220-240 వోల్టుల సాకెట్‌కు నేరుగా గానీ, ప్లగ్గు అడాప్టర్‌తో గానీ పెట్టకూడదు, కాలిపోతుంది. కనీసం 2,000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది నా దగ్గర లేదు. ప్లగ్గు ఏ అనే రకం, రెండు బల్లపరుపు పిన్నులు, టెస్ట్, రీసెట్ బటన్లున్న అసలు ప్లగ్గే, మార్చలేదు. యూఎల్ గుర్తు ప్లగ్గు మీద ఉంది. పిడి మీది ప్లేట్‌లో భద్రతా గుర్తు కనిపించలేదు. ఇక్కడ నడిపి చూడలేదు. గతంలో 120 వోల్టుల మీద వాడాం. వైరు మొదట్లో చిన్న ముడత ఉంది, మూడో ఫొటోలో చూడండి. అడాప్టర్ ఇవ్వడం లేదు.”

దీన్ని చదివి చాలామంది వెనక్కి వెళ్తారు. 120 వోల్టులున్న చోటికి వెళ్తున్నవారు మాత్రం, తమకు కావలసింది ఇదేనని తెలిసి కొంటారు.

మా ఇంట్లో పనిచేస్తుందా అని అడిగితే అవునని చెప్పొచ్చా?

ముందు మీరే అడగండి: మీ సాకెట్‌లో ఎన్ని వోల్టులు, పిన్నులు ఏ ఆకారం, ఆ సాకెట్ ఎన్ని ఆంపియర్లది? తెలియదంటే, వాళ్లింట్లో ఇప్పటికే వాడుతున్న కెటిల్ లేదా ఇస్త్రీపెట్టె ప్లేట్ ఫొటో పంపమనండి. అందులో ఉన్న వోల్టేజీ వాళ్లింటి వోల్టేజీయే అయ్యే అవకాశం ఎక్కువ, వాట్లను బట్టి ఆ సాకెట్ ఎంత మోస్తోందో కూడా కొంత తెలుస్తుంది. దాని పక్కన మీ వస్తువు ప్లేట్ ఫొటో పెట్టి, రెండు అంకెలూ చూపించి, నిర్ణయం వాళ్లకు వదలండి. ఆ సందేశాలు చెరిపేయకుండా ఉంచండి. తర్వాత వస్తువు వెనక్కి వస్తే, ఏం చెప్పి అమ్మారో రెండు వైపులా చూసుకోవచ్చు.